దోనెలోకి దూకినట్టు

నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క పిల్లకే మోకాలు పోయింది. అది కూడా ఆ రోజు గుడ్డు తినకపోవడం వల్ల పోయింది. ఈ మాట పన్నెండేళ్ళుగా ఏలూరులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉన్నాను.

నా పేరు సుందరరావు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆటల మాస్టారిని, వాలీబాల్ నేర్పుతాను. వచ్చే ఏడాది రిటైరవుతాను. నాకు కోపం ఎక్కువంటారు. కోపం కాదు, గొంతు పెద్దది, అంతే. మ్యాచ్ ఉన్న రోజున మా ఆవిడ యేసమ్మ పిల్లలకు పన్నెండు, నాకొకటి, వెరసి పదమూడు గుడ్లు ఉడకబెట్టి స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తుంది. గుడ్డు తిననివాళ్ళు నా కోర్టులో అడుగు పెట్టడానికి వీల్లేదు. పన్నెండేళ్ళ కిందట జిల్లా ఫైనల్లో హెప్సిబా అనే పిల్ల బ్లాక్ చేయడానికి ఎగిరింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. కిందికి దిగడం, మోకాలు లోపలికి ఒరగడం, కూలబడిపోవడం ఒక్కసారే జరిగిపోయాయి. లోపల ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందన్నారు. పిల్లను ఆటో ఎక్కించి వచ్చి చూద్దును కదా, మా బెంచీ కింద ఒలవని గుడ్డు ఒకటి పడి ఉంది! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

హెప్సిబా మళ్ళీ ఆడలేదు. ఆపరేషనయ్యాక ఫిజియోథెరపీ చదివి పవర్‌పేటలో క్లినిక్ పెట్టింది. మా చర్చికే వస్తుంది. ఆదివారం ఎదురుపడి "వందనాలండీ మాస్టారూ" అంటే, నేను "గుడ్డు తింటున్నావా?" అంటాను. నవ్వి వెళ్ళిపోతుంది. మంచి పిల్ల, ఎదురు చెప్పదు.

ఇక అసలు విషయానికొస్తాను. రెండేళ్ళుగా నా దగ్గర నాగదుర్గ అనే పిల్ల ఉంది. మండవల్లి పక్కన చేపల చెరువుల మీద బతికే ఇంటి పిల్ల. ఏలూరు హాస్టల్లో ఉండి ఇంటరు రెండో ఏడు చదువుతోంది. అది ఎగిరిందంటే నెట్టుకు అవతలివాళ్ళ నడినెత్తి కనిపిస్తుంది. అలాంటి ఎగురుడు నా సర్వీసులో రెండుసార్లే చూశాను, మొదటిది హెప్సిబాది. తాడేపల్లిగూడెంలో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపికలున్నాయి. వచ్చే ఏడాదికి నాగదుర్గ వయసు దాటిపోతుంది, కాబట్టి ఆ జట్టులో చేరడానికి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. చేరితే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు. ఆ పిల్ల నోట్సు వెనక అట్ట మీద తన పేరూ, పక్కన జెర్సీ నంబరూ ముందే రాసుకుని ఉంచుకుంది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను గాని, ఆ రోజు నుంచి నాకూ నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

అంతా బాగుందనుకుంటుండగా జిల్లా వాలీబాల్ సంఘంవాళ్ళు కొత్త నియమం ఒకటి పెట్టారు. ఎంపికలకు వచ్చే ప్రతి పిల్లా ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు ఎలా ఉంటున్నాయో ఫిజియో పరీక్ష చేసి ఫారం మీద సంతకం పెట్టాలట. ఎగరడానికి పరీక్షంటే అర్థముంది. దిగడానికి పరీక్షేమిటి? ఎగిరినవాడు ఎలాగూ దిగుతాడు కదా! పైగా ఆ సంతకం పెట్టే ఫిజియో ఎవరయ్యా అంటే, మన హెప్సిబాయే.

"దానికేముంది, మన పిల్లే" అనుకుని ఫోన్ చేశాను.

"తీసుకురండి మాస్టారూ. వచ్చేటప్పుడు గుండ్రటి బొట్టుబిళ్ళలు ఓ అట్ట తెస్తారా? పెద్దవి, ఎర్రవి. నా దగ్గర మార్కర్లు అయిపోయాయండి" అంది.

నేను చర్చి సంఘ కార్యదర్శిని. మా ఇంట్లో మూడు తరాలుగా బొట్టుబిళ్ళ అన్నది లేదు. ఫ్యాన్సీ షాపులో దొంగలా నిలబడి "ఇంకా పెద్దవి లేవా?" అని అడుగుతుండగా, వెనక నుంచి మా పాస్టరుగారు "ఎవరికండీ మాస్టారూ?" అన్నారు. "మోకాళ్ళకండీ" అన్నాను. ఆయన నన్నూ, నా చేతిలోని అట్టనూ ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం ప్రసంగం మాత్రం అబద్ధాల మీద సాగింది.

క్లినిక్‌లో హెప్సిబా ఆ బిళ్ళల్ని నాగదుర్గ తుంటి మీద, మోకాలి చిప్పల మీద, చీలమండల మీద అంటించింది. మూరెడు కన్నా కొంచెం తక్కువ ఎత్తున్న పెట్టె మీద నిలబెట్టింది. ముందు నేల మీద సుద్దముక్కతో రెండు గుర్తులు, ఒకదానికొకటి తుంటి వెడల్పంత దూరంలో గీసింది. "పెట్టె మీంచి దిగి, పాదాలు ఈ గుర్తుల మీద పెట్టి, వెంటనే పైకి ఎగరాలమ్మా" అని చెప్పి ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసింది.

నాగదుర్గ దిగింది. పాదాలు గుర్తుల మీదే పడ్డాయి. మోకాళ్ళు మాత్రం జాతరలో తప్పిపోయిన అక్కచెల్లెళ్ళలా ఒకదాన్నొకటి వెతుక్కుంటూ లోపలికి వచ్చి, ముద్దుపెట్టుకున్నాయి. వీడియో నెమ్మదిగా నడిపి చూపించింది హెప్సిబా. తుంటి మీది బిళ్ళ, మోకాలి మీది బిళ్ళ, చీలమండ మీది బిళ్ళ ఒక గీత మీద ఉండాల్సింది పోయి, మోకాలి బిళ్ళ బాగా లోపలికి దూరిపోయింది. కాళ్ళు కూడా కర్రల్లా బిర్రుగా ఉన్నాయి.

"సంతకం పెట్టలేనండీ మాస్టారూ" అంది.

నాగదుర్గ మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇంత చిన్న దానికా? మోకాలు కాస్త లోపలికి వంగితే ఏమైపోతుంది? బలం లేదంటావా? రేపటి నుంచి రెండు గుడ్లు పెడతాను!"

"మోకాలి తప్పేం లేదండి. దాని ముఖ్యమైన పని మడవడం, చాపడం. తొడ లోపలికి తిరిగితే పాపం దాని వెంట అదీ వెళ్ళిపోతుంది. తొడను అలా తిరక్కుండా పట్టుకోవాల్సింది ఇదిగో, పిర్ర కండరాలండీ" అని నాగదుర్గ పిర్ర పక్కన వేలితో పొడిచి చూపించింది.

నేను చప్పున గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను, ఒక్కనాడూ ఆ మాట నా నోట రాలేదు. మరీ తప్పనిసరైతే 'వెనకటి విభాగం' అంటాను.

"ఆ విభాగం ఎంత బలంగా ఉందో చూద్దాం" అంది హెప్సిబా నవ్వు ఆపుకుంటూ. నాగదుర్గను పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు ఎత్తించి, రెండు చేతులతో కిందికి నొక్కింది. కాలు చెక్కుచెదరలేదు. బలమంతా వేసి నొక్కింది. హెప్సిబాయే ఒక అడుగు వెనక్కి జారింది. "అమ్మో, ఇంత బలమా! ఏం చేస్తావమ్మా ఇంటి దగ్గర?" అని అడిగింది.

"చెరువులో మేత సంచులు కడతానండి. దోనె తోస్తానండి" అంది నాగదుర్గ.

"బలం ఉంది. మరి దిగేటప్పుడు ఎందుకు వాడుకోవట్లేదో తెలీట్లేదు" అని హెప్సిబా నుదురు చిట్లించింది. "ఇంకా ఆరు వారాలు టైముంది. వచ్చే వారం మళ్ళీ చూద్దామండి."

తెలియకపోవడమేమిటి? నాకు తెలుసు. మోకాళ్ళు దగ్గరికి వస్తున్నాయి, అంతే కదా? రాకుండా మధ్యలో ఏదన్నా అడ్డం పెడితే సరి. మర్నాటి నుంచి నాగదుర్గ మోకాళ్ళ మధ్య వాలీబాల్ పెట్టించి, అది పడకుండా ఎగరమన్నాను. పడితే కోర్టు చుట్టూ ఒక రౌండు. రెండు రోజులకు అది బాతులా ఎగరడం నేర్చేసుకుంది. బంతి పడలేదు. మిగతా పిల్లలు నవ్వి నవ్వి నెట్టు పట్టుకుని వేలాడారు. నేను మాత్రం ఈ పద్ధతికి నా పేరే పెట్టించాలి అనుకున్నాను.

వారం తర్వాత మళ్ళీ పరీక్ష. మోకాళ్ళు ఈసారి వెతుక్కోలేదు. అడ్రసు ముందే తెలిసినట్టు తిన్నగా వచ్చి, టక్కున చప్పుడయ్యేలా గుద్దుకున్నాయి.

"ఏం చేయించారు మాస్టారూ?" అంది హెప్సిబా, వీడియో చూసి.

గర్వంగా చెప్పాను. హెప్సిబా తల పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"బంతి పడకుండా ఉండాలంటే పిల్ల ఏం చేయాలండీ? మోకాళ్ళు లోపలికి నొక్కి పట్టాలి. అంటే తొడ లోపలివైపు కండరాలకు వారం రోజులు కసరత్తు చేయించారు. అవి లాగేది లోపలికే కదండీ! కావాలంటే తొడల చుట్టూ రబ్బరు పట్టీ వేయాలి. పట్టీ లోపలికి లాగుతుంటే పిల్ల బయటికి నెడుతుంది, అప్పుడు పిర్ర పని చేస్తుంది."

చేసిన వైద్యం రోగానికే బలం ఇచ్చిందన్నమాట. నాగదుర్గ అక్కడే నిలబడి ఉంది. "నేను ఇంక వెళ్ళక్కర్లేదాండీ గూడెం?" అని అడిగింది.

సంగతి ఇంట్లోవాళ్ళకు నేనే చెప్పాలనిపించింది. మర్నాడు రెండో శనివారం, నాగదుర్గ ఇంటికెళ్ళింది. హెప్సిబా కూడా వస్తానంది. బలమున్న పిల్ల అలా ఎందుకు దిగుతోందో తనకూ అంతుపట్టలేదట. దాని స్కూటీ వెనక హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, కైకలూరు రోడ్డు గుంతలన్నీ నా వెనకటి విభాగంతో లెక్కపెట్టుకుంటూ మండవల్లి చేరాను.

నాగదుర్గ తల్లి సత్యవేణి చెరువు గట్టు మీద తవుడు గోతాల పక్కన నిలబడి ఉంది. "రండి మాస్టారండీ, రండమ్మా. మా పిల్ల ఏవన్నా తప్పు చేసిందాండీ?" అంది. జవాబు చెప్పేలోపే నాగదుర్గ కనిపించింది. మేత నింపిన సంచి చంకన పెట్టుకుని, గట్టు మీంచి నడుమెత్తు కిందున్న దోనెలోకి దూకింది.

చప్పుడు లేదు. దోనె కొంచెం కూడా ఒరగలేదు, నీళ్ళు కూడా పెద్దగా కదల్లేదు. గాల్లో ఉండగానే దాని కాళ్ళు వెడల్పయ్యాయి. మునివేళ్ళు ముందు తగిలాయి, తర్వాత మడమలు దిగాయి. మోకాళ్ళూ తుంటీ కలిపి మడిచి, వెనకటి విభాగాన్ని వెనక్కి పెట్టి, పీట మీద కూర్చోబోయి మానుకున్నట్టు ఆగింది. మోకాళ్ళు తిన్నగా కాలివేళ్ళ వైపు చూస్తున్నాయి. దోనె పక్కన నీళ్ళలో పాతిన కర్రకు సంచి కట్టి, మళ్ళీ గట్టెక్కి, ఇంకో సంచితో మళ్ళీ దూకింది. మళ్ళీ అంతే.

హెప్సిబా నోరు తెరిచి చూస్తోంది. "ఫోన్, ఫోన్" అంటూ బ్యాగు వెతుక్కుంది.

నాకు మాత్రం పౌరుషం పుట్టింది. నా కోర్టులో రాని దిగుడు ఈ బురదలో ఎలా వస్తుంది? "ఇందులో ఏముంది?" అని ప్యాంటు పైకి మడిచాను.

"వద్దు మాస్టారండీ" అంది సత్యవేణి.

"వద్దండీ!" అంది నాగదుర్గ దోనెలోంచి గట్టెక్కుతూ.

నా పద్ధతిలోనే దూకాను. నా పద్ధతంటే చెప్పనే లేదు కదూ. దానికి అటెన్షన్ దిగుడని పేరు పెట్టాను. మా కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే నేర్పుతున్నాను, కోర్టు గోడ మీద పెయింటుతో రాయించాను కూడా. పాదాలు జతగా, మోకాళ్ళు ఆనించి, కాళ్ళు నిటారుగా, నడుం తిన్నగా. ఆడపిల్లలు కాళ్ళు వెడల్పు చేసి, వంగి దిగితే చూసేవాళ్ళకు బాగుండదని, గుమ్మం ముందు చెప్పుల జతలా దిగమని నేనే కనిపెట్టాను. అలా దిగినవాళ్ళకు నీటుగా ఉందని 'వెరీ గుడ్' చెబుతాను.

దోనెలో అటెన్షన్‌లో దిగాను. 'వెరీ గుడ్' చెప్పుకునే టైము దొరకలేదు. దోనె ఒక పక్కకు లేచింది, నేను రెండో పక్కకు వెళ్ళాను. నోట్లో విజిల్ ఉండిపోయింది కాబోలు, మునుగుతూ ఒక పొడుగాటి కూత కూశానట. చెరువు మొత్తం మీద కొంగలు లేచిపోయాయి.

నడుములోతు నీళ్ళే. నాగదుర్గ వెంటనే దూకి చొక్కా పట్టుకుని లేపింది. నెత్తి మీద తవుడు, నోట్లో చెరువు. గట్టు మీద హెప్సిబా కూలబడి నవ్వుతోంది. ఆ నవ్వు ఆపడానికి దానికి చాలా కష్టమైంది.

సత్యవేణి తువ్వాలు అందిస్తూ, "ఏవండీ మాస్టారండీ, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని దోనెలో దిగుతారాండీ ఎవరైనా? మా పిల్లకి నాలుగేళ్ళప్పుడే చెప్పామండి. కర్రలా దిగావంటే పడతావే అని" అంది.

హెప్సిబా నవ్వు ఆగిపోయింది. లేచి నాగదుర్గ దగ్గరికి వచ్చింది.

"నాగదుర్గా, ఇంత చక్కగా దిగడం వచ్చు కదమ్మా. కోర్టులో ఎందుకు దిగవు?"

నాగదుర్గ నా వంక చూసింది. తలొంచుకుంది.

"అక్కడ మోకాళ్ళు ఆనించి దిగమన్నారండి మాస్టారు. మొదట్లో దోనెలో దిగినట్టే దిగేదాన్నండి. కోర్టు చుట్టూ రౌండ్లు వేయించేవారండి. రెండేళ్ళకి అలవాటైపోయిందండి."

ఒళ్ళంతా నీళ్ళు కారుతూ నిలబడ్డాను. ఎండ మండిపోతోంది, నాకు మాత్రం చలేసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇన్నేళ్ళూ అన్నాను. ఆ నాలుగో కాలు ఇప్పుడు నా ముందే దూకింది.

హెప్సిబా నన్ను చూడకుండా, నాగదుర్గకే చెబుతున్నట్టు చెప్పింది. "నేల తగిలాక సెకనులో ఇరవయ్యో వంతు చాలమ్మా లిగమెంటు తెగడానికి. మోకాలు జారుతోందని తెలిసి కండరాన్ని బిగించేలోపు అయిపోతుంది. అందుకే గాల్లో ఉండగానే అన్నీ బిగిసి సిద్ధంగా ఉండాలి. దోనె ఒరుగుతుందని నీ ఒంటికి ముందే తెలుసు, కాబట్టి ముందే సిద్ధపడుతుంది. పిర్ర తొడను పట్టుకుంటుంది. తొడ ముందు కండరం బ్రేకు వేసినట్టు నెమ్మదిగా సాగుతూ బరువు దించుతుంది. కాలు నిటారుగా ఉంటే ఆ ముందు కండరమే కింది ఎముకను ముందుకు లాగేస్తుంది. మోకాలు మడిస్తే తొడ వెనక కండరాలకు పట్టు దొరికి దాన్ని వెనక్కి లాగి పడతాయి. పిక్కలు కూడా తమ వంతు మోస్తాయి. నీకిదంతా వచ్చు. కోర్టును దోనె అనుకో, చాలు."

"కోర్టుని దోనె అనుకోవాలాండీ?" అంది నాగదుర్గ.

"ఆ. ఒరగనివ్వకు."

ఆ సోమవారం నుంచి కోర్టులో నా మాట చెల్లలేదు, చెల్లించుకోనూ లేదు. హెప్సిబా వారానికి మూడు రోజులు పొద్దున్నే వచ్చేది. తొడల చుట్టూ రబ్బరు పట్టీ వేసి పక్కకు నడిపించేది. తక్కువ ఎత్తు మెట్టు మీంచి దింపేది. నా పని ఏమిటంటే కళ్ళు మూసుకుని కూర్చుని వినడం. దిగిన చప్పుడు నాకు వినిపిస్తే ఓడినట్టు. మొదటి వారం బాగానే వినిపించింది. రెండో వారానికి నేను మెట్టు పక్కనే చెవి పెట్టినా తెలియలేదు. చెవుడొచ్చిందేమోనని ఒక పూట కంగారుపడ్డాను.

మూడో వారంలో అసలు తిప్పలు మొదలయ్యాయి. ఒట్టినే దిగితే బాగా దిగుతోంది. బంతి విసరగానే కళ్ళు బంతి మీదికి పోయి, మోకాళ్ళు పాత అలవాటుకు పోతున్నాయి. హెప్సిబా బంతులు విసురుతుంటే నేను లైను పక్కన నిలబడి "దోనె! దోనె!" అని అరిచేవాణ్ణి. ఒంటికాలి మీద దిగేటప్పుడు నడుం పక్కకు ఒరిగితే మోకాలు కూడా దారి తప్పుతుందట, అందుకని "సంచి! సంచి!" అని అరిచేవాణ్ణి. మేత సంచి చంకన ఉంటే ఒరగదు కదా. రోడ్డు మీద పోయేవాళ్ళు ఇదేదో కొత్తరకం చేపల సంత అనుకుని ఆగి చూసేవారు. ఒకాయన రేటు కూడా అడిగాడు.

అయిదో వారం ఆఖరికి మిగతా పదకొండు మందీ కూడా దోనెలోకే దిగుతున్నారు. నేను పెయింటు డబ్బా తెచ్చి గోడ మీది అటెన్షన్ దిగుడు మీద తెల్లరంగు పూశాను. రెండు పూతలకు గాని పోలేదు.

ఎంపికల రోజున ఏలూరులో పొద్దున్నే రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగాం. నాగదుర్గ దారిపొడుగునా నోట్సు వెనక అట్ట చూసుకుంటూ కూర్చుంది. ఆట మొదలుపెట్టే ముందే దిగుడు పరీక్ష. పెట్టె మీంచి రెండు కాళ్ళ మీద, తర్వాత ఒక్కో కాలి మీద, ఆఖరున బంతికి ఎగిరి. హెప్సిబా ఫోన్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. సొంతవాళ్ళు కదా అని చూడదు, అది నాకు బాగా తెలుసు.

పెట్టె మీంచి బాగా దిగింది. కుడికాలు బాగుంది. ఎడమకాలి మీద దిగుతుంటే మోకాలు ఒక్క క్షణం ఊగిసలాడి, మళ్ళీ నిలబడింది. నా గుండె మాత్రం ఊగుతూనే ఉంది. ఆఖరి బంతి నెట్టు మీద ఎత్తుగా లేచింది. నాగదుర్గ ఎగిరింది. అందరి కళ్ళూ పైన ఉన్నాయి. నేను ఉండబట్టలేక సెలెక్టర్ల వెనకే నిలబడి, నా శక్తంతా కూడగట్టి "దోనె!" అని కేకేశాను.

ముందు వరసలో సెలెక్టరు నరసింహరాజుగారి చేతిలోని టీ ఒలికి ఆయన చొక్కా మీద పడింది. "ఎవరండీ ఆయన? బయటికి పంపండి" అన్నారు.

నన్ను బయటికి పంపుతుండగా వెనక్కి తిరిగి చూశాను. నాగదుర్గ అప్పటికే నేల మీద ఉంది. దిగిన చప్పుడు నాకు వినపడలేదు. మోకాళ్ళు తిన్నగా కాలివేళ్ళ వైపు చూస్తున్నాయి.

గేటు బయట సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. గుడ్ల డబ్బా ఒళ్ళో ఉంది. కాసేపటికి హెప్సిబా వచ్చి పక్కన కూర్చుని ఫారం చూపించింది. కింద దాని సంతకం ఉంది. "ఆట కూడా చూశారండి. తీసుకుంటున్నట్టే మాట్లాడుతున్నారు. నాగదుర్గ లోపల ఏడుస్తోంది, సంతోషంతోనే" అంది.

నాకూ కళ్ళు తడిశాయి. చెరువులో పడ్డ రోజు నుంచి అడగాలనుకుంటున్న మాట అడిగేశాను.

"హెప్సిబా, ఆ రోజు నువ్వూ మోకాళ్ళు ఆనించే దిగావు కదూ?"

"ఆ, ఆనించే దిగానండి. 'వెరీ గుడ్' అనిపించుకోవాలని."

"నీ మోకాలు పోగొట్టింది నేనేనమ్మా."

"అలా చెప్పడానికి లేదు మాస్టారూ. ఏ ఒక్కదాని వల్లో తెగిందని ఎవరూ చెప్పలేరు. చక్కగా దిగేవాళ్ళకీ ఒక్కోసారి తెగుతుంది. మీ దిగుడు మాత్రం సాయం చేసి ఉంటుందండీ." ఫారం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మీకెవరూ వేరేగా నేర్పలేదు. నాకూ చదువుకున్నాకే తెలిసింది. చెబుదామని రెండు మూడుసార్లు మీ దగ్గరికి వచ్చాను. ప్రతిసారీ ముందే 'గుడ్డు తింటున్నావా' అనేవారు. ఇంకేం చెప్పనండీ?"

పన్నెండేళ్ళు. ప్రతి ఆదివారం. నవ్వి వెళ్ళిపోయేది. తలెత్తి దాని మొహం చూడలేకపోయాను. ఏం చేయాలో తోచక డబ్బా మూత తీసి, ఒక గుడ్డు దాని చేతిలో పెట్టాను. "క్షమించమ్మా. ఆ రోజు నువ్వు గుడ్డు తినలేదని ఊరంతా చెప్పుకుని తిరిగాను."

హెప్సిబా గుడ్డును దిమ్మె మీద కొట్టి ఒలుస్తూ, నెమ్మదిగా అంది.

"ఆ రోజు నేను తిన్నానండీ మాస్టారూ. పన్నెండు మందిమీ తిన్నాం. ఫైనలని మీరు పొద్దున్నించీ లైను పక్కన అరుస్తూనే ఉన్నారు. బెంచీ కింద పడి ఉన్నది మీ గుడ్డండి."